బోర్డు జవాబు వచ్చేదాకా

ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి కాస్త లోపలికి వెళ్తే ఉన్న ఆ నూట ఇరవై పడకల ఆసుపత్రిలో యాదలక్ష్మి పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లు ఎవరూ లేరు. సెల్లార్‌లోని క్యాంటీన్‌లో ఆమె టిఫిన్ డబ్బా విప్పగానే ఆ బల్ల దగ్గరున్న నర్సులు ఫోన్ మోగినట్టు లేచిపోయేవారు. ఉద్యోగంలో చేరేటప్పుడు వాళ్లందరి కాగితాలూ చూసింది ఆమే. ఒకసారి కాదు, వెనక్కీ ముందుకీ తిప్పి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని మరీ చూసింది. ఆ చూపును మనుషులు మర్చిపోరు.

ఆమెకు నలభై ఒకటి. నల్గొండ దగ్గర పల్లె నుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చి, ఈ ఆసుపత్రిలోనే రిసెప్షన్‌లో చేరి, దూరవిద్యలో డిగ్రీ చేసి, హెచ్.ఆర్. విభాగంలోకి మారింది. విభాగమంటే పెద్దగా ఏమీ లేదు. రెండో అంతస్తులో మెట్ల కింద ఒక గది, రెండు బీరువాలు, ఆమె. పైన అడ్మినిస్ట్రేటర్ విశ్వేశ్వరరావు ఉండేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఆసుపత్రులు నడిపిన మనిషి.

కాగితాల విషయంలో ఆమె పట్టుదలకు కారణం ఆమె భర్త కొండల్. అతను ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్. మందుల కంపెనీలో మంచి ఉద్యోగం దొరికింది. చేరిన రెండు నెలలకు ఆ కంపెనీ పెట్టుకున్న వెరిఫికేషన్ సంస్థ అతను చదివిన ఐటీఐకి ఫోన్ చేసింది. ఆ ఐటీఐ మూతపడి అప్పటికి ఆరేళ్లు. ఎవరూ ఎత్తలేదు. రిపోర్టులో 'ధ్రువీకరించలేకపోయాం' అని రాశారు. కంపెనీవాళ్లు దాన్ని 'దొంగ సర్టిఫికెట్' అని చదువుకున్నారు. సాయంత్రానికి గేటు పాస్ తీసేసుకున్నారు. కొండల్ ఆఫీసుల చుట్టూ తిరిగి, సర్టిఫికెట్ నిజమైనదేనని లెటర్ తెచ్చుకునేసరికి అతని స్థానంలో ఇంకొకడు ఉన్నాడు. ఇప్పుడు సైదాబాద్‌లో మోటార్లకు వైండింగ్ చేసే చిన్న దుకాణం నడుపుతున్నాడు.

అందుకే యాదలక్ష్మి రిజిస్టర్‌లో రెండు గడులు కాదు, మూడు ఉండేవి. సరిపోయింది, సరిపోలేదు, తేలలేదు. మూడో గడిలో పేరున్న మనిషిని ఎవరు దొంగ అన్నా ఆమె ఒప్పుకునేది కాదు. ఆ పేరును మొదటి గడిలో రాయమని ఎవరు చెప్పినా రాసేది కాదు.

ఆ వేసవిలో ల్యాబ్‌కు ఇద్దరు టెక్నీషియన్లు కావాల్సి వచ్చింది. ఆగస్టులో తనిఖీ బృందం వస్తుంది, సిబ్బంది ఫైళ్లన్నీ చూస్తుంది, అప్పటికి ఖాళీలు ఉండకూడదు. ఇద్దరు వచ్చారు.

మొదటివాడు మహిపాల్. ముప్పై రెండేళ్లుంటాయి. ఒక పెద్ద డాక్టరు చెప్పి పంపిన మనిషి. ఎన్నిసార్లు పొడిచినా నరం దొరకని ముసలమ్మకు ఒక్క పోటులో రక్తం తీశాడని మొదటి రోజే ల్యాబ్‌లో పేరొచ్చింది. విశ్వేశ్వరరావు అతన్ని వెంటనే చేర్చుకున్నాడు. వెరిఫికేషన్ పూర్తయితేనే ఉద్యోగం ఖాయమని నియామక పత్రంలో ఒక వాక్యం చేర్పించింది యాదలక్ష్మి. ఆయన ఆ వాక్యాన్ని చదవకుండానే సంతకం పెట్టాడు.

రెండో మనిషి శ్రీకళ. హయత్‌నగర్ నుంచి వచ్చింది. ఆమె డిప్లొమా సర్టిఫికెట్ లామినేషన్ చేసి ఉంది. లోపల తేమ చేరి ఫొటో మీది ముద్ర ఉబ్బిపోయింది. ఇంటిపేరు ఒకటి సర్టిఫికెట్ మీద, ఇంకొకటి ఆధార్ మీద. ఫోన్ చేస్తే ఆమె చదివిన కాలేజీ నంబరు ఉనికిలోనే లేదు.

విశ్వేశ్వరరావు రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఈ అమ్మాయిది చూడండి, యాదలక్ష్మి గారూ. ఎంత అనుమానంగా ఉందో. కాలేజీయే లేదంట. వదిలేయండి. ఆ మహిపాల్‌ది చూడండి, ఎంత శుభ్రంగా ఉందో."

"శుభ్రంగుంటే సరిపోదు సార్. ఇద్దరివీ పారామెడికల్ బోర్డుకు పంపిస్త."

"అతను చేరిపోయాడు కదండీ."

"చేరిండు సార్. కానీ ఇంకా ఖాయం కాలేదు."

ఇద్దరి దగ్గరా సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుంది. అసలు సర్టిఫికెట్లు తెప్పించి, జిరాక్సుతో పోల్చి, తిరిగి ఇచ్చేసింది. ఆ పోల్చడంలోనే మహిపాల్ కాగితం ఆమె చేతిలో ఆగిపోయింది.

కాగితం నిజంగానే శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. పన్నెండేళ్ల నాటి కాగితానికి మడత లేదు, అంచు నలగలేదు. అదేమీ నేరం కాదు, జాగ్రత్తగా దాచుకునేవాళ్లు ఉంటారు. పేరు అచ్చయిన అక్షరాలు పక్కనున్న అక్షరాల కంటే కొంచెం లావుగా, ఒక వెంట్రుకవాసి పైకి ఉన్నాయి. మార్కుల మెమోలో ఆమె కాలిక్యులేటర్ తీసి కూడింది. కింద ఇచ్చిన మొత్తానికి తొమ్మిది తేడా వచ్చింది. మళ్లీ కూడింది. తొమ్మిదే. అప్పుడు తేదీ చూసింది. 2014 ఏప్రిల్. పైన శీర్షిక చూసింది. తెలంగాణ రాష్ట్రం అని ఉంది.

రాష్ట్రం వచ్చింది ఆ ఏడు జూన్‌లో. ఆ రోజు ఆమె కాలనీవాళ్లతో కలిసి మన్సూరాబాద్ వీధిలో మిఠాయి పంచింది. ఏప్రిల్‌లో అచ్చయిన కాగితం మీద జూన్‌లో పుట్టిన రాష్ట్రం పేరు ఎట్లా ఉంటుంది?

మహిపాల్‌ను పిలిచి మెల్లగానే అడిగింది.

"అదా అక్కా. పాతది పోయింది. ఇది తర్వాత తీసుకున్న డూప్లికేట్."

"డూప్లికేటైతే దాని మీద ఆ మాట ఉండాలె తమ్ముడు. తర్వాత ఇచ్చిన తేదీ కూడా ఉండాలె. దీంట్ల రెండూ లేవు."

"నాకేం తెలుసు. వాళ్లు ఎట్లిచ్చిన్రో అట్లనే తెచ్చిన."

ఆమె అతన్ని పంపించేసింది. తేదీ తప్పినా, కూడిక తప్పినా అవి అనుమానాలే. ఇచ్చినవాళ్లు చెబితే తప్ప ఏదీ తేలదు. ఆ మాట తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది, కొండల్ గేటు బయట నిలబడ్డ సాయంత్రం గుర్తొచ్చి.

మర్నాడే మహిపాల్ ఒక సీలు వేసిన కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల బోర్డు పేరుతో లెటర్ ఉంది. 'పై అభ్యర్థి సర్టిఫికెట్ సరైనదని ధ్రువీకరిస్తున్నాం.' సంతకం, ముద్ర, కింద ఒక సెల్ నంబరు.

"నువ్వే పోయి తెచ్చినవా?"

"మీకు కష్టమెందుకని తెచ్చిన."

అభ్యర్థి చేతుల మీదుగా వచ్చిన ధ్రువీకరణ ధ్రువీకరణ కాదు. అది ఇచ్చినవాళ్ల నుంచి అడిగినవాళ్లకు నేరుగా రావాలి. అతను వెళ్లాక ఆమె ఆ లెటర్ మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తారు.

"పారామెడికల్ బోర్డా సార్?"

"అవును మేడమ్. మహిపాల్ సర్టిఫికెట్ గురించేనా? అది జెన్యూనే మేడమ్, క్లియర్ చేసేయండి."

ఆమె ఇంకా ఏ పేరూ చెప్పలేదు. ఏ ఆసుపత్రో కూడా చెప్పలేదు. ఫోన్‌లో వెనక నుంచి దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ దగ్గర వినిపించే కేకలు వినిపించాయి. 'కోఠీ కోఠీ' అని ఆటోవాళ్లు పిలుస్తున్నారు. ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత బోర్డు వెబ్‌సైట్ తెరిచి అక్కడున్న నంబరు చూసింది. లెటర్ మీది నంబరుతో దానికి ఏ పోలికా లేదు. వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకే మెయిల్ పంపింది. ఎక్కడా ఆలస్యం కాకూడదని సమ్మతి పత్రాలు, జిరాక్సులు, మహిపాల్ తెచ్చిన లెటర్ నకలు తీసుకుని స్వయంగా వెళ్లి, ఇద్దరి పేర్ల మీదా దరఖాస్తు ఇచ్చి, అది అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని వచ్చింది.

విశ్వేశ్వరరావుకు కోపం వచ్చింది.

"లెటర్ ఇచ్చాడు కదమ్మా. ఫైల్లో పెట్టి మూసేస్తే అయిపోయేది. తనిఖీకి వచ్చేవాడు ఇంత లోతుగా చూస్తాడా?"

"ఆయన చూసినా చూడకపోయినా, వెరిఫై చేసినమని నేనే సంతకం పెట్టాలె కద సార్."

"ఆ డాక్టరు గారికి ఏం చెప్పమంటారు నన్ను? పనోడు బంగారంలా ఉన్నాడు. మీకు వాడిమీద ఏం పగ?"

"పగేముంది సార్. బోర్డు జవాబు వచ్చేదాకా రిపోర్టుల మీద ఆయనతోటి సంతకం పెట్టియ్యకండి. సాంపిల్ తీసే పనే ఇయ్యండి."

ఆయన ఆ మాటను పట్టించుకోలేదు. మహిపాల్ సంతకాలు పెడుతూనే ఉన్నాడు.

ఇక అక్కడి నుంచి ఆసుపత్రిలో గాలి మారింది. వారం తిరగకుండా ల్యాబ్ నుంచి క్యాంటీన్‌కు, క్యాంటీన్ నుంచి వార్డులకు ఒక మాట పాకింది. యాదలక్ష్మి భర్తను దొంగ సర్టిఫికెట్ పెట్టినందుకు ఉద్యోగంలోంచి తీసేశారట. ఇంట్లోనే దొంగను పెట్టుకుని ఊరందరి కాగితాలూ తవ్వుతోందట. ఆమె నడిచి వస్తుంటే లిఫ్ట్ దగ్గర మాటలు ఆగిపోయేవి. ఒక వార్డుబాయ్ ఆమెకు వినపడేట్టు "కరెంటాయన సర్టిఫికెట్ ఏ జిరాక్సు షాపుదో" అని నవ్వాడు.

ఆమె నేరుగా ల్యాబ్‌కు వెళ్లింది. మహిపాల్ రక్తాన్ని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ మూత వేస్తున్నాడు.

"నా భర్త ముచ్చట నువ్వే చెప్పినవా?"

"నేనేం కొత్తది చెప్పలే. నిజమే కద అక్కా. కంపెనీ తీసేసింది కద."

"తీసేసింది. తేలలేదని రాస్తే తీసేసిన్రు. తర్వాత నిజమైనదని లెటరొచ్చింది. ఆ లెటరు నీకు చూపిస్త, రా."

"లోకానికి లెటర్లక్కర్లే. తీసేసిన్రన్నదే గుర్తుంటది." అతను చేతి తొడుగులు విప్పి బుట్టలో వేశాడు. "నా పేరు మీద బోర్డుకిచ్చిన దరఖాస్తు వాపస్ తీసుకో. నీ ముచ్చట ఈడనే ఆగుతది. లేకుంటే సైదాబాద్‌ల ఆయన దుకాణం ముందర కూడా మాట్లాడుకుంటరు జనం."

"మాట్లాడుకోనీ" అంది యాదలక్ష్మి. వెనక్కి తిరిగి తన గదికి నడిచింది.

ఇంట్లో కూడా ఊరట దొరకలేదు. కొండల్ అంతా విని, తింటున్న కంచం పక్కకు జరిపాడు.

"నన్నెందుకు దీంట్లకు లాగినవ్?"

"నేను లాగలే. వాడు లాగిండు."

"నువ్వు గీ పని చేయబట్టే కద లాగిండు. ఇన్నేండ్ల సంది మరిచిపోదామని చూస్తున్న. ఇప్పుడు దుకాణానికొచ్చేటోడు ప్రతి ఒక్కడు నా మొఖం చూస్తడు. గా విశ్వేశ్వరరావే వద్దన్నంక నీకేం పట్టింది?"

"నీకు జరిగింది ఇంకో పిల్లకు జరుగుతది. శ్రీకళ అని ఒకామె ఉంది. నేను ఊకుంటే ఆమెను తీసి పారేస్తరు, వీన్ని ఉంచుకుంటరు."

కొండల్ చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. తర్వాత పది రోజులు వాళ్లిద్దరి మధ్యా నీళ్లొచ్చినయా, గ్యాస్ బుక్ చేసినవా అన్న మాటలు తప్ప ఏమీ లేవు.

ఆ శ్రీకళ కూడా ఆమెకు స్నేహితురాలేమీ కాలేదు. నాలుగో వారంలో మెట్ల కింది గదికి వచ్చి కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మేడమ్, నేను పాత ల్యాబ్‌ల రాజీనామా ఇచ్చిన. మీరు ఒస్తది ఒస్తది అనబట్టి నెలైంది. నాతోటి ఇంటర్వ్యూకొచ్చినాయన ఆడ పని చేస్తుండు. నేను మాత్రం దొంగనా?"

"దొంగవని ఎవరన్నరమ్మా? నీ కాలేజీ మూతపడ్డది. అందుకే బోర్డుకు రాసిన. పరీక్ష పెట్టింది బోర్డు కాబట్టి రికార్డు వాళ్ల దగ్గరుంటది. ఇంటిపేరు మారింది కదా, పెండ్లి సర్టిఫికెట్ నకలు తెచ్చినవా?"

"తెచ్చిన. ఇంకేం కావాలె? మా అత్తమ్మ ఓటర్ కార్డు కూడా తేవాల్నా?"

కాగితం బల్ల మీద పడేసి వెళ్లిపోయింది. యాదలక్ష్మి దాన్ని చదును చేసి ఫైల్లో పెట్టింది.

ఏడో వారంలో బోర్డు నుంచి మెయిల్ వచ్చింది. దాని వెనకే రిజిస్టర్డ్ పోస్టులో రెండు లెటర్లు వచ్చాయి. శ్రీకళ పేరు, హాల్ టికెట్ నంబరు, ఏడాది, మార్కులు తమ రికార్డుతో సరిపోయాయని ఒకదానిలో ఉంది. రెండోది నాలుగు వరుసలే. ఆ హాల్ టికెట్ నంబరు మీద తమ పాత రిజిస్టర్‌లో ఉన్న పేరు వేరే మనిషిది. జతపరిచిన సర్టిఫికెట్ గానీ, ధ్రువీకరణ లెటర్ గానీ తమ కార్యాలయం జారీ చేసినవి కావు.

యాదలక్ష్మికి ఆనందం కలగలేదు. లెటర్‌ను రెండుసార్లు చదివి, విశ్వేశ్వరరావు బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు ముఖం రుద్దుకున్నాడు.

"ఏం చేద్దామంటారు?"

"మొదలు లెటర్ నకలు ఇచ్చి, ఏం చెప్పుకుంటడో రాసిమ్మని మూడు రోజులు టైమియ్యాలె సార్. అడగకుండ తీసేయొద్దు."

"ఇంకా వాడికి టైమా? మీరే కదమ్మా ఇంత గొడవ చేసింది."

"గొడవ చేసింది నేనే. కానీ అడగాలె."

మహిపాల్ రాసివ్వలేదు. మూడో రోజు విశ్వేశ్వరరావు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ వేళ యాదలక్ష్మి కూడా అక్కడే ఉంది.

"పన్నెండేండ్ల సంది సూది పడుతున్న సార్. ఇంటర్ ఫెయిలైనంక ఒక ల్యాబ్‌ల ఊడ్చే పనికి చేరిన. చూసి చూసి నేర్చుకున్న. మీ డిప్లొమా పిల్లలకు రాని పని నాకొస్తది. దిల్‌సుఖ్‌నగర్‌ల కన్సల్టెన్సీ పెట్టుకున్నాయన కాగితం కావాలంటే చేసిచ్చిండు. గా లెటరు కూడా ఆయనదే. నేను ఎవ్వరి పానం తీయలే."

"పని రాదని నేననలే" అంది యాదలక్ష్మి. "సంతకం పెట్టే హక్కు లేదంటున్న."

మహిపాల్ ఆమె వైపు తిరిగాడు. "నువ్వు నన్ను తిన్నవక్కా. యాదిపెట్టుకుంట."

అతను పెట్టిన సంతకాల కింద ఏడు వారాల రిపోర్టులు ఉన్నాయి. పాథాలజిస్టు వాటిని మళ్లీ చూడాల్సి వచ్చింది. ఆ రిపోర్టులను బట్టి రక్తం ఎక్కించిన ఇద్దరు రోగులను పిలిపించి గ్రూపు మళ్లీ పరీక్ష చేశారు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఆ సంగతి తెలిశాక ల్యాబ్‌లోవాళ్లు యాదలక్ష్మిని ఇంకా ద్వేషించారు. చూశావా, ఏం తప్పు చేశాడని తరిమేశావు అన్నట్టు చూసేవారు. పోలీసులకు రాయాలని ఆమె ఫైల్లో నోటు పెట్టింది. ఆసుపత్రి పేరు పేపర్లో వస్తుందని విశ్వేశ్వరరావు ఆ నోటును పక్కన పెట్టాడు. మహిపాల్ 'సొంత కారణాల వల్ల' అని రాజీనామా రాసి, నెలాఖరున వెళ్లిపోయాడు.

శ్రీకళ నియామక పత్రం తీసుకోవడానికి వచ్చింది. బోర్డు లెటర్ నకలు ఆమె చేతికి ఇస్తూ, "ఇది దాచుకో, ఇంకో దగ్గర పనికొస్తది" అంది యాదలక్ష్మి. ఆమె తీసుకుంది. సంతకం పెట్టింది. థాంక్స్ చెప్పలేదు. ఆమె కూడా క్యాంటీన్‌లో వేరే బల్ల దగ్గరే కూర్చుంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మూసారాంబాగ్‌లో కొత్తగా పెట్టిన డయాగ్నొస్టిక్ సెంటర్ నుంచి పద్మలత అనే ఆమె. మహిపాల్ అక్కడ దరఖాస్తు పెట్టాడు, మీ దగ్గర ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పనిచేశాడు, ఎందుకు మానేశాడు అని అడిగింది.

ఇలాంటి ఫోన్ వస్తే తేదీలు చెప్పి, సొంత కారణాలు అని చెప్పమని విశ్వేశ్వరరావు ముందే హెచ్చరించాడు. యాదలక్ష్మి రిసీవర్ చెవికి ఆనించుకుని బీరువాలోంచి మహిపాల్ ఫైల్ తీసింది.

"మేడమ్, లైన్లో ఉన్నారా?"

"ఉన్ననమ్మా. తేదీలు చెప్తా రాసుకో." చెప్పింది. "మానేసిన కారణం నేను ఫోన్‌ల చెప్పను. మీ ఆఫీస్ మెయిల్ నుంచి అడుగు, ఫైల్ల ఉన్నది ఉన్నట్టు రాసి పంపిస్త. అంతకంటే ముందు ఇంకోటి చెయ్యి. ఆయన ఇచ్చిన సర్టిఫికెట్ బోర్డుకు పంపు. వాళ్ల వెబ్‌సైట్‌ల ఉన్న నంబరుకే చెయ్యి, కాగితం మీదున్న నంబరుకు చెయ్యకు. నా మాట మీద కూడా నిర్ణయం తీసుకోకు. బోర్డు ఏం చెప్తదో అదే చూడు."

పద్మలత మెయిల్ పంపింది. యాదలక్ష్మి జవాబిచ్చింది. తేదీలు, బోర్డు లెటర్ నంబరు, అభ్యర్థి రాజీనామా చేశాడన్న సంగతి. ఒక్క మాట ఎక్కువ రాయలేదు, ఒక్క మాట దాచలేదు. నకలు విశ్వేశ్వరరావుకు కూడా పెట్టింది.

ఆయన కేకలు వేయలేదు. మర్నాడు ఉదయం ఆమెను పిలిచి, "మీరు ఇక ఇన్సూరెన్స్ డెస్క్ చూడండి. హెచ్.ఆర్.కి వేరే అమ్మాయి వస్తోంది" అన్నాడు. ఆమె బీరువా తాళాలు ఆయన బల్ల మీద పెట్టింది.

ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఆమె రెండు నెలలే ఉంది. జనవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వెరిఫికేషన్ సంస్థలో చేరింది. చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తు, వరుసగా పన్నెండు బల్లలు. దేశమంతటి కాలేజీలకూ, బోర్డులకూ, పాత కంపెనీలకూ ఫోన్లు చేయడమే పని. గుమాస్తాలు విసుక్కుంటారు, నెల తర్వాత చేయమంటారు, కొందరు తిట్టి పెట్టేస్తారు. అభ్యర్థులు ఆమె నంబరు ఎక్కడో సంపాదించి బతిమాలుతారు, తర్వాత వాళ్లూ తిడతారు.

కొండల్ దుకాణం ముందు ఎవరేం మాట్లాడుకున్నారో అతను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఒకరోజు మాత్రం, ఆమె దుకాణానికి వచ్చినప్పుడు, కొత్త ఆఫీసులో వాళ్లు ఏం చేస్తారని అడిగాడు. ఆమె చెప్పింది.

"మూతపడ్డ కాలేజీ వస్తే ఏం రాస్తరు?" అన్నాడు.

"కాలేజీ దొరకలేదని రాసి ఆపెయ్యం. పరీక్ష పెట్టిందెవరో కనుక్కొని వాళ్లకు రాస్తం. వాళ్లు చెప్పేదాకా ఫైల్ మూసెయ్యం."

"అందరూ గట్లనే రాస్తరా?"

"రాయరు" అంది యాదలక్ష్మి. "నా బల్ల మీదకొచ్చినయి నేను రాస్త."

కొండల్ తల ఊపి, విప్పదీసిన మోటారు మీదికి వంగాడు.